బేసిస్ విలోమం ఒక్కటే దగ్గర ఉంచుకుంటే పని ఎక్కడ తగ్గుతుంది?

*ప్రశ్న: ఎమ్మెస్సీలో ఆపరేషన్స్ రీసెర్చ్ చదువుతున్నాను. రివైజ్డ్ సింప్లెక్స్‌లో పట్టిక మొత్తానికి బదులు B⁻¹ ఒక్కటే ఉంచుకుంటే పెద్ద సమస్యల్లో పని బాగా తగ్గుతుందని పుస్తకంలో ఉంది. కానీ రెండు నిబంధనల లెక్క చేతితో చేసి చూస్తే నాకు మామూలు పట్టిక కంటే ఎక్కువ పనే పట్టింది. తగ్గే పని ఎక్కడుందో ఉదాహరణతో చెప్పగలరా?*

మీ లెక్కలో తప్పేమీ లేదు. చిన్న సమస్యలో ఈ పద్ధతికి పని పెరుగుతుంది. ఇంకా చెప్పాలంటే, సమస్య పెద్దదైనా దానిలోని గుణకాలన్నీ సున్న కాని సంఖ్యలే అయితే అప్పుడు కూడా గుణకారాల సంఖ్య పెద్దగా తగ్గదు. చాలా పుస్తకాలు ఈ మాటను దాటవేసి "m × m మాత్రిక m × n మాత్రిక కంటే చిన్నది, కాబట్టి పని తక్కువ" అని ముగిస్తాయి. అది సగం కారణమే. అసలు కారణం ఏమిటంటే, ఈ పద్ధతిలో మొదట ఇచ్చిన A మాత్రికను ఎవరూ ముట్టుకోరు, కనుక దానిలోని సున్నలు చివరిదాకా సున్నలుగానే ఉంటాయి. ఇది కనబడాలంటే ముందు ఒక చిన్న లెక్కను దగ్గరగా చూసి, ఆ తరవాత అదే లెక్కను పెద్ద కొలతల్లో ఊహించుకోవాలి.

ఒక వడ్రంగి దగ్గర 30 పలకలు, 45 గంటల పని సమయం ఉన్నాయనుకుందాం. అతను పీట, కుర్చీ, బల్ల, నగిషీ ఫ్రేము అనే నాలుగు వస్తువులు చేయగలడు. వాటి సంఖ్యలు వరుసగా x1, x2, x3, x4. లాభాలు వందల రూపాయల్లో ఉన్నాయి.

```
z = 2x1 + 5x2 + 4x3 + 6x4        (గరిష్ఠం)
     x1 +  x2 + 2x3 +  x4 + s1 = 30
     x1 + 2x2 +  x3 + 3x4 + s2 = 45
```

మామూలు పట్టికలో ఏ దశలోనైనా కనిపించే ప్రతి నిలువు వరుస, అసలు నిలువు వరుసను B⁻¹ తో గుణించగా వచ్చినదే. అంటే B⁻¹ చేతిలో ఉంటే పట్టికలోని ఏ భాగాన్నయినా అవసరమైనప్పుడు రాబట్టుకోవచ్చు. మరి ఒక దశలో నిజంగా అవసరమయ్యేది ఎంత? ఏ చలరాశి లోపలికి రావాలో చెప్పే కింది వరుస, వచ్చే చలరాశి తాలూకు ఒక్క నిలువు వరుస, కుడివైపు విలువలు. మిగిలిన నిలువు వరుసలన్నింటినీ ముందు ఎప్పుడైనా పనికొస్తాయేమోనని మాత్రమే మారుస్తూ పోతాము.

మొదట బేసిస్‌లో s1, s2 ఉంటాయి. B⁻¹ యూనిట్ మాత్రిక, y = c_B B⁻¹ = (0, 0). అన్నిటికంటే పెద్ద గుణకం 6 కనుక x4 లోపలికి వస్తుంది. దాని నిలువు వరుస d = (1, 3). నిష్పత్తులు 30/1, 45/3. చిన్నది 15, కాబట్టి s2 బయటికి పోతుంది. ఇప్పుడు B⁻¹ మారాలి. రెండో అడ్డు వరుసను 3 తో భాగించి, అలా వచ్చినదాన్ని మొదటి వరుస నుంచి ఒకసారి తీసేస్తే సరిపోతుంది:

```
B⁻¹ = [ 1  -1/3 ]     x_B = (s1, x4) = (15, 15)
      [ 0   1/3 ]     z = 90
```

రెండో దశలో y = (0, 6) B⁻¹ = (0, 2). ఇక్కడినుంచి ప్రైసింగ్, అంటే ఏ చలరాశి లోపలికి రావాలో తేల్చే లెక్క, పూర్తిగా అసలు సమాచారం మీదనే జరుగుతుంది. x1 కి 2 − (0·1 + 2·1) = 0, x2 కి 5 − 4 = 1, x3 కి 4 − 2 = 2. కాబట్టి x3 వస్తుంది. పట్టికలో x3 నిలువు వరుస ఇప్పుడు ఎలా ఉండేదో తెలుసుకోవడానికి అసలు వరుస (2, 1) ని B⁻¹ తో గుణిస్తే d = (5/3, 1/3) వస్తుంది. నిష్పత్తులు 9, 45. s1 పోతుంది. మొదటి వరుసను 5/3 తో భాగించి, రెండో వరుస నుంచి దానికి 1/3 వంతు తీసేస్తే:

```
B⁻¹ = [  3/5  -1/5 ]     x_B = (x3, x4) = (9, 12)
      [ -1/5   2/5 ]     z = 108
```

కొత్త y కోసం c_B B⁻¹ అంతా మళ్లీ గుణించనక్కరలేదు. పాత B⁻¹ లో పివట్ వరుస (1, −1/3) ని, వచ్చే చలరాశికి ప్రైసింగ్‌లో వచ్చిన విలువ 2 ను పివట్ 5/3 తో భాగించగా వచ్చిన 6/5 తో గుణించి, పాత y కి కలిపితే చాలు: (0, 2) + (6/5)(1, −1/3) = (6/5, 8/5). నేరుగా (4, 6) B⁻¹ వేసి చూసినా ఇదే వస్తుంది. చేతి లెక్కలో ఇది మంచి తనిఖీ కూడా.

మూడో దశలో x1 కి 2 − 14/5 రుణాత్మకం, x2 కి 5 − 22/5 = 3/5. x2 వస్తుంది, d = (1/5, 3/5), నిష్పత్తులు 45, 20. ఇంతకుముందే లోపలికి వచ్చిన x4 ఇప్పుడు బయటికి పోతుంది. చివరి B⁻¹ లో వరుసలు (2/3, −1/3), (−1/3, 2/3). y = (1, 2). x1 కి 2 − 3 = −1, x4 కి 6 − 7 = −1, s1, s2 లకు −1, −2. పరిష్కారం దొరికింది: 5 బల్లలు, 20 కుర్చీలు, z = 120. యాదృచ్ఛికం కాని ఒక సంగతిని ఇక్కడ గమనించండి. y ని కుడివైపు విలువలతో గుణించినా 30·1 + 45·2 = 120 వస్తుంది.

ఇప్పుడు పీటను, అంటే x1 ని చూడండి. అది ఒక్కసారి కూడా బేసిస్‌లోకి రాలేదు. మామూలు పట్టిక వేసిన మీరు దాని నిలువు వరుసను (1, 1) నుంచి (2/3, 1/3) కి, అక్కడినుంచి (2/5, 1/5) కి, చివరికి (1/3, 1/3) కి మార్చి ఉంటారు. ఈ మూడు మార్పుల్లో ఒక్కటీ పనికి రాలేదు. రివైజ్డ్ పద్ధతిలో అది మొదటినుంచి చివరిదాకా (1, 1) గానే ఉంది, దానితో y ని గుణించి చూసుకున్నాం, అంతే. ఇక్కడ వృథా అయినది ఒక్క నిలువు వరుస పని కనుక మీకు తేడా తెలియలేదు. పైగా B⁻¹ ని నడపడం, y ని కట్టడం, d ని కట్టడం అనే మూడు అదనపు పనులు మీద పడ్డాయి.

కొలతలు పెంచుదాం. నిబంధనలు m, మొత్తం చలరాశులు n. పట్టికలో ఒక పివట్‌కు బేసిస్‌లో లేని n − m నిలువు వరుసలనూ మార్చాలి, అంటే సుమారు m(n − m) గుణకారాలు. రివైజ్డ్ పద్ధతిలో ప్రైసింగ్‌కు ప్రతి నిలువు వరుసనూ y తో గుణించాలి. ఆ వరుసలు సున్నలు లేనివైతే అదే m(n − m). దానిమీద d కట్టడానికి m², B⁻¹ మార్చడానికి ఇంకో m². అంటే పని తగ్గకపోగా 2m² పెరిగింది. మీ చేతి లెక్క చెప్పింది ఇదే.

అయితే నిజ జీవితంలో వచ్చే సమస్యల్లో నిలువు వరుసలు నిండుగా ఉండవు. ఒక రవాణా మార్గం ఒక గోదామునూ ఒక ఊరినీ మాత్రమే తాకుతుంది. ఒక ఉత్పత్తి నిర్ణయం ఆ వారపు యంత్ర సమయాన్నీ నాలుగైదు ముడిసరకులనూ మాత్రమే తాకుతుంది. నిబంధనలు వెయ్యి ఉన్నా, లక్ష ఉన్నా ఒక్కో నిలువు వరుసలో సున్న కాని సంఖ్యలు ఐదో పదో ఉంటాయి. m = 1,000, n = 10,000, ఒక్కో వరుసకు 5 అనుకొని లెక్క వేయండి. పట్టిక మొదట్లో ఎంత ఖాళీగా ఉన్నా పివట్లు జరిగేకొద్దీ నిండుతుంది. నిండిన పట్టికలో ఒక పివట్‌కు 1,000 × 9,000, అంటే 90 లక్షల గుణకారాలు. రివైజ్డ్ పద్ధతిలో ప్రైసింగ్‌కు 9,000 × 5 = 45,000. d కట్టడానికి B⁻¹ లోని 5 నిలువు వరుసలు చాలు కనుక 5,000. y ని పైన చూపినట్టు మారిస్తే 1,000. B⁻¹ ని మార్చడానికి 10 లక్షలు. అన్నీ కలిపినా పదిన్నర లక్షలు, అంటే పట్టిక పనిలో ఎనిమిదో వంతు కంటే కొంచెం తక్కువ. కంప్యూటర్ మెమరీ సంగతి చూసినా, సంఖ్యకు 8 బైట్ల చొప్పున పట్టికకు 72 మెగాబైట్లు, B⁻¹ కు 8 మెగాబైట్లు పడతాయి. A లోని 50,000 సంఖ్యలకు, వాటి స్థానాలను రాసుకున్నా, ఒక మెగాబైటు కూడా పట్టదు.

ఇక్కడ ఇంకో సౌలభ్యం కూడా ఉంది. ప్రైసింగ్‌లో 9,000 వరుసలనూ ప్రతిసారీ చూడనవసరం లేదు. ఒక ఐదారు వందల వరుసల గుంపును చూసి, అందులో మంచిది దొరికితే దాన్నే లోపలికి తెచ్చి, తరవాతి దశలో పక్క గుంపుకు వెళ్లవచ్చు. పట్టికలో ఇది కుదరదు, ఎందుకంటే చూసినా చూడకపోయినా ప్రతి వరుసనూ మార్చి ఉంచాల్సిందే. అయితే ఇలా చేస్తే దశల సంఖ్య కొంత పెరగవచ్చు, పైగా ఆపే ముందు ఒకసారి అన్ని వరుసలనూ చూసి ఏదీ మిగలలేదని తేల్చుకోవాలి.

పై లెక్కలో పదిన్నర లక్షల్లో 10 లక్షలు B⁻¹ ఒక్కదానికే పోయాయన్నది మీ దృష్టికి వచ్చే ఉంటుంది. అంటే "B⁻¹ ఒక్కటే ఉంచుకోండి" అన్న సలహాను అక్షరాలా పాటిస్తే అదే కొత్త భారమవుతుంది. దీనికి కారణం, B లో సున్నలు ఎన్ని ఉన్నా B⁻¹ లో అవి నిలవవు. వెయ్యి రోజుల నిల్వ ప్రణాళికను తీసుకోండి. ప్రతి రోజుకూ "ఈరోజు నిల్వ − నిన్నటి నిల్వ = ఈరోజు వచ్చినది − ఈరోజు పోయినది" అనే ఒక సమీకరణం ఉంటుంది. నిల్వలన్నీ బేసిస్‌లో ఉంటే B లో వికర్ణం మీద 1 లు, దాని కింద −1 లు, మొత్తం 1,999 సంఖ్యలు. దీని విలోమం కట్టి చూడండి. వికర్ణమూ దాని కింది త్రికోణమంతా 1 లతో నిండిపోయి 5,00,500 సంఖ్యలు అవుతాయి. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. ఈరోజు నిల్వ అంటే మొదటి రోజునుంచి జరిగిన రాకపోకలన్నింటి మొత్తం, కాబట్టి విలోమంలో ప్రతి రోజూ తన ముందు రోజులన్నిటినీ మోస్తుంది. కానీ Bd = a అనే సమీకరణాలను విలోమం లేకుండా పైనుంచి కిందికి ఒక్కొక్కటిగా సాధిస్తే 999 కూడికలతో పని అయిపోతుంది.

అందుకే అసలు ప్రోగ్రాములు B⁻¹ ని సంఖ్యల మాత్రికగా ఎప్పుడూ రాసి పెట్టుకోవు. డాంట్జిగ్, ఆర్చర్డ్-హేస్ 1954 లో ప్రచురించిన గుణకార రూపం దీనికి మొదటి మార్గం. ప్రతి పివట్‌నూ యూనిట్ మాత్రికలో ఒక్క నిలువు వరుస మాత్రమే మారిన మాత్రికగా రాస్తారు. దాన్ని ఈటా మాత్రిక అంటారు. మన వడ్రంగి లెక్కలో మొదటి రెండు పివట్లకు అవి ఇలా ఉంటాయి:

```
E1 = [ 1  -1/3 ]     E2 = [  3/5  0 ]
     [ 0   1/3 ]          [ -1/5  1 ]
```

E2·E1 గుణించి చూస్తే పైన వచ్చిన రెండో B⁻¹ సరిగ్గా వస్తుంది. కానీ ఆ గుణకారం ఎప్పుడూ చేయరు, అదే ఇందులోని కిటుకు. ఒక్కో E కి దాచేది ఒక్క నిలువు వరుస, అందులోనూ సున్న కానివి మాత్రమే. d కావాలంటే a ని E1 ద్వారా, తరవాత E2 ద్వారా పంపుతారు. y కావాలంటే c_B ని వెనకనుంచి, E2 తరవాత E1 ద్వారా పంపుతారు. ఈ రంగంలో పనిచేసేవారు మొదటిదాన్ని ఎఫ్‌ట్రాన్ అనీ రెండోదాన్ని బీట్రాన్ అనీ పిలుస్తారు. d లో సున్న కానివి 1,000 కి బదులు 30 మాత్రమే ఉంటే, ఆ దశ విలోమానికి కలిపే భారం ఆ 30 సంఖ్యలే. 10 లక్షల గుణకారాల మెట్టు ఇక్కడ దిగిపోతుంది.

ఇప్పటి ప్రోగ్రాములు ఈటాలతోనే మొదలుపెట్టవు. B ని L, U అనే రెండు త్రిభుజ మాత్రికలుగా విడగొట్టి, పివట్ జరిగినప్పుడల్లా వాటిని సరిచేస్తాయి. బార్టెల్స్, గోలబ్ 1969 లో, ఫారెస్ట్, టామ్లిన్ 1972 లో చూపిన మార్గాలు దీనికి ఆధారం. పై నిల్వ ఉదాహరణలో L అంటే B నే, U యూనిట్ మాత్రిక. కొత్త సున్న కాని సంఖ్య ఒక్కటి కూడా పుట్టదు.

ఇక ఏది చెడుతుందో చెప్పాలి. ఈటాలు పివట్ పివట్‌కూ పెరుగుతాయి కనుక ఎఫ్‌ట్రాన్, బీట్రాన్ క్రమంగా నెమ్మదిస్తాయి. దానితోపాటు గుండ్రం చేసిన దశాంశాల దోషాలు పేరుకుంటాయి. నేను మొదటిసారి ఈ ప్రోగ్రాము సొంతంగా రాసినప్పుడు B⁻¹ ని మొదటినుంచి చివరిదాకా మారుస్తూనే పోయాను, తిరిగి ఒక్కసారి కూడా కట్టలేదు. కొన్ని వందల పివట్ల తరవాత, పెరగడమో అక్కడే నిలవడమో తప్ప మరోటి జరగకూడని z విలువ కొద్దిగా తగ్గింది. రెండు రోజులు నిష్పత్తుల పరీక్షలో తప్పు వెతికాను. అసలు తప్పు అక్కడ లేదు. ఎప్పుడో ఒక దశలో 10⁻⁸ ప్రాంతంలో ఉన్న సంఖ్యను పివట్‌గా ఒప్పుకున్నాను. అది నిజానికి సున్న, దోషం వల్ల సున్న కానట్టు కనబడింది. దానితో భాగించిన క్షణం నుంచి విలోమం పాడైపోయింది.

దీన్ని పట్టుకోవడానికి తేలికైన తనిఖీలు రెండున్నాయి. బేసిస్‌లో ఉన్న అసలు నిలువు వరుసలను x_B తో గుణించి b తో పోల్చాలి. తేడా 10⁻⁹ దగ్గర ఉండాల్సింది 10⁻⁵ కి వస్తే విలోమం మీద నమ్మకం వదులుకోవాలి. అలాగే బేసిస్‌లో ఉన్న చలరాశికి c_j − y·a_j లెక్కించాలి, అది సున్న కావాలి. ఈ రెండు తనిఖీలూ సాధ్యమయ్యేది A ని ముట్టుకోలేదు కాబట్టే. దోషం బయటపడ్డాక కూడా, బేసిస్‌లో ఏయే చలరాశులు ఉన్నాయో జాబితా తెలిస్తే చాలు. అసలు నిలువు వరుసలనుంచి B ని తిరిగి విడగొట్టుకొని, పాత దోషాలను వదిలించుకొని ముందుకు సాగవచ్చు. పట్టికలో దోషం ప్రతి గడిలోనూ కలిసిపోతుంది. అసలు సమస్యను పక్కన వేరే దాచి ఉంచుకోకపోతే అక్కడ పోల్చడానికే ఏమీ మిగలదు. ఆచరణలో 50 నుంచి 100 పివట్లకు ఒకసారి, లేదా తనిఖీ తేడా హద్దు దాటిన వెంటనే, తిరిగి విడగొడతారు. పివట్ మరీ చిన్నదైతే నిష్పత్తి సమానంగా లేదా దాదాపు సమానంగా ఉన్న ఇంకో వరుసను ఎంచుకోవడం నేను ఆ రోజు నేర్చుకున్న అలవాటు.

A ని ముట్టుకోకపోవడం ఎంత దూరం పోగలదో చెప్పి ఆపుతాను. కాగితపు మిల్లులో పెద్ద చుట్టను వేరువేరు వెడల్పులుగా కోసే సమస్యలో ఒక్కో కోత పద్ధతీ ఒక నిలువు వరుస. వెడల్పులు ముప్పై నలభై రకాలుంటే కోత పద్ధతులు కోట్లలో ఉంటాయి, పట్టికను రాయడం కూడా సాధ్యం కాదు. గిల్మోర్, గొమొరీ 1961 లో గమనించినది ఏమిటంటే, y చేతిలో ఉంటే చాలు, నిలువు వరుసల జాబితా అక్కర్లేదు. ఒక్కో వెడల్పు ముక్కకు y ఇచ్చే విలువ తెలుసు. చుట్ట వెడల్పులో ఇమిడే ముక్కల్లో మొత్తం విలువ అత్యధికంగా ఉండే అమరిక ఏదో ఒక చిన్న నాప్‌సాక్ లెక్కతో వెతుకుతారు. ఆ విలువ ఒక చుట్ట ఖర్చును మించితే, ఆ అమరికే లోపలికి రావాల్సిన నిలువు వరుస. అప్పటికప్పుడు దాన్ని రాసి, ఎఫ్‌ట్రాన్ ద్వారా పంపి, పివట్ చేస్తారు. విలువ ఖర్చును మించకపోతే, ఎన్నడూ రాయని ఆ కోట్ల వరుసల్లో ఒక్కటి కూడా ఇంతకంటే మేలు చేయదని తేలినట్టే.